పొగ రంగు రాసిన మెసేజ్

సెకండ్ హ్యాండ్ బైక్ కొన్న నాలుగో రోజుకే సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. విజయవాడలో ఒకాయన ఆ కోపంలో ‘మోసం చేశారు’ అని టైప్ చేశాడనుకుందాం. అమ్మినాయన బ్లాక్ చేస్తాడు, కథ అక్కడితో సరి.

ముందు మెకానిక్‌కి చూపించాలి. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ తగలబడుతోందని అర్థం. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. వాటి ఖర్చు తక్కువ. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులో, బోరో అరిగినట్టు. కంప్రెషన్ చూస్తే కొంత తేలుతుంది. బండి చూపించేముందు చిక్కటి ఆయిల్ పోసి పొగను కొన్నాళ్లు దాచే కిటుకూ ఉంది.

అప్పుడు మెసేజ్ ఇలా ఉండొచ్చు: ‘అండీ, ఆదివారం మీ దగ్గర బండి తీసుకున్నాను. గురువారం నుంచి నీలిపొగ వస్తోంది, ఆయిల్ తగ్గుతోంది. వీడియో, మెకానిక్ ఎస్టిమేట్ పంపుతున్నాను. ఇంజిన్ పని ఇంతకుముందు జరిగిందా? ఖర్చులో సగం మీరు పెట్టుకుంటారా?’

జవాబు వచ్చేదాకా ఇంజిన్ విప్పించకూడదు. విప్పితే తప్పు కొన్నవాడి మీదకే తిరుగుతుంది.

చట్టం సంగతికొస్తే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం చూసుకొని కొనే బాధ్యత చాలావరకు కొన్నవాడిదే. లోపం తెలిసీ కావాలని కప్పిపుచ్చితే అది మోసం, కానీ రుజువు కావాలి. అమ్మింది డీలరైతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు.