గ్లాసు మారాలి... టేబుల్ మారకూడదు!

టీ పొడి అమ్మే ఓ చిన్న వ్యాపారి నాకొక ఫొటో పంపారు. చెక్క టేబుల్ మీద స్టీలు గ్లాసు, దాని పక్కనే టీ పొడి ప్యాకెట్. ‘గ్లాసు బదులు మట్టి కప్పు పెట్టండి, మిగతాదేదీ మారకూడదు’ అన్నారు. స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఇన్‌పెయింటింగ్ చేసి అరగంటలో పంపేశా. కప్పు బాగానే కుదిరింది కానీ ప్యాకెట్ అంచున ఉన్న అక్షరాలు వంకర పోయాయి. పని వెనక్కి వచ్చింది. తప్పు నాదే. మాస్క్ ప్యాకెట్ మీదికి పోయింది, పైగా డీనాయిజ్ స్ట్రెంగ్త్ 0.95 పెట్టాను.

అసలు ఈ స్ట్రెంగ్త్ ఏం చేస్తుంది? మాస్క్ వేసిన చోట పాత బొమ్మకు ఎంత నాయిజ్ కలపాలో చెబుతుంది. 0 అంటే ఏమీ కలపదు, 1 అంటే పాత బొమ్మ దాదాపు పూర్తిగా మునిగిపోతుంది. ఆ తర్వాత మోడల్ నాయిజ్‌ను కొంచెం కొంచెంగా తీసేస్తూ మీ ప్రాంప్ట్‌కు తగ్గ బొమ్మను తెస్తుంది. 20 స్టెప్స్ పెట్టి స్ట్రెంగ్త్ 0.75 ఇస్తే నిజంగా నడిచేవి సుమారు 15 స్టెప్సే. ఎగిరిపోయేవి మొదటి అయిదు. కిటుకంతా ఇక్కడే ఉంది. వస్తువు ఆకారం, సైజు, వెలుగునీడలు ఎక్కువగా మొదటి స్టెప్స్‌లోనే తేలిపోతాయి. చివరి స్టెప్స్ గీతలు, గరుకుదనం లాంటివి దిద్దుతాయి.

అందుకే నా ఫొటోలో 0.4 దగ్గర గ్లాసు గ్లాసులాగే ఉంది. కాస్త ఎర్రబారిందంతే. 0.6కి మట్టి రంగు వచ్చింది గానీ స్టీలు మెరుపు పోలేదు. ప్రాంప్ట్‌లో ఎన్ని మాటలు చేర్చినా ఆ మెరుపు పోదు, ఎందుకంటే అది పాత పిక్సెల్స్‌లోంచి వస్తోంది. 0.8 దగ్గర నిజమైన కప్పు కనిపించింది. 0.95కి వెళ్తే కప్పు ఇంకా అందంగా ఉంది కానీ వెలుగు ఎడమవైపు నుంచి కాకుండా ఎదురుగా పడుతున్నట్టు తేలింది, చెక్క గీతలు కప్పు దగ్గరికొచ్చి తెగిపోయాయి. వస్తువు రంగు మాత్రమే మారాలంటే 0.4, 0.5 సరిపోతాయి. లోహం మట్టిగా మారాలంటే నేను 0.75తో మొదలుపెడతా. ఇది నా అలవాటే, సూత్రం కాదు. మోడల్ మారితే అంకె కూడా మారుతుంది.

పోల్చి చూసేటప్పుడు సీడ్ మార్చకండి. లేదంటే తేడా స్ట్రెంగ్త్ వల్ల వచ్చిందో, సీడ్ వల్ల వచ్చిందో తెలియదు. AUTOMATIC1111 వాడేవాళ్లు X/Y/Z plot స్క్రిప్ట్‌లో `Denoising` ఎంచుకుని `0.5, 0.6, 0.7, 0.8, 0.9` ఇస్తే అయిదు బొమ్మలూ ఒకే వరసలో వస్తాయి. Masked content దగ్గర `original` ఉంచండి. `latent noise` పెట్టి స్ట్రెంగ్త్ తగ్గిస్తే రంగురంగుల మరకలు మిగిలిపోతాయి.

చుట్టుపక్కలను కాపాడే బాధ్యత మాత్రం స్ట్రెంగ్త్ కన్నా మాస్క్‌దే ఎక్కువ. రెండోసారి చేసినప్పుడు ప్యాకెట్‌ను మాస్క్‌కు పూర్తిగా బయట వదిలేశా. గ్లాసు నీడను మాత్రం లోపలికి తెచ్చా. నీడను వదిలేస్తే కప్పు కింద గ్లాసు నీడే పొడుగ్గా ఉండిపోతుంది మరి! 0.8తో కప్పు తెచ్చాక, కప్పు అడుగున టేబుల్‌ను ఆనే చోట సన్నటి మాస్క్ వేసి 0.35తో మరోసారి నడిపా. తెగిన చెక్క గీతలు అతుక్కున్నాయి, కప్పు ఆకారం చెక్కుచెదరలేదు. ఒక్క దెబ్బకే అన్నీ కుదిరే అంకె కోసం గంటలు వెతికే బదులు ఇలా రెండు విడతలుగా చేయడం నయం.

డిఫ్యూజర్స్ లైబ్రరీతో కోడ్ రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మాస్క్ బయటి భాగం కూడా ఎన్‌కోడర్, డీకోడర్ గుండా పోయి వస్తుంది కాబట్టి చిన్న అక్షరాలు కాస్త అలుక్కుపోతాయి. చివర్లో అసలు పిక్సెల్స్‌ను తిరిగి అతికించాలి:

```python
final = Image.composite(result, original, mask)
```

పంపేముందు కంటితో చూసి సరిపెట్టుకోవద్దు. బొమ్మను పీఎన్‌జీగా సేవ్ చేసి, గింప్‌లో పాత ఫొటో మీద కొత్తది లేయర్‌గా పెట్టి మోడ్‌ను Difference చేయండి. మారని చోటు నల్లగా, మారిన చోటు వెలుగుతూ కనిపిస్తుంది. నా మొదటి ఫొటోను అలా చూస్తే ప్యాకెట్ అంచు తెల్లగా మెరుస్తూ కనిపించింది. రెండోదాంట్లో కప్పు, దాని నీడ తప్ప అంతా నలుపే. వ్యాపారికి ఫొటోతో పాటు ఆ నల్ల బొమ్మనూ పంపా.