ఫ్రిజ్ ఆగితే ఫోన్‌కి కబురు

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఫ్రిజ్ మీద భారం పెరుగుతుంది. ఇంకా వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టినా పనికిరాదు. ఊరెళ్లినప్పుడు ఫ్రిజ్ ఆగిపోతే తెలియాలంటే చిన్న పరికరం చాలు: వైఫై ఉన్న ఈఎస్పీ32 బోర్డు, నీళ్లలో ముంచినా పాడవని డీఎస్18బీ20 సెన్సర్, తలుపు తెరిచిందీ మూసిందీ చెప్పే అయస్కాంతపు స్విచ్.

సెన్సర్‌ను ఫ్రిజ్‌లో ఊరికే వేలాడదీయకూడదు. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కి, మూయగానే చల్లబడుతుంది. దాన్ని నమ్ముకుంటే రోజంతా అలారమే. చిన్న సీసాలో నీళ్లు పోసి, సెన్సర్ ముంచి, ఇన్సులిన్ పక్కనే పెట్టాలి. అప్పుడది మందు వేడికి దగ్గరగా చూపిస్తుంది. వైరు దూర్చిన చోట తలుపు రబ్బరు సరిగా అతుక్కుందో లేదో చూడండి. సెన్సర్ వైరు ఊడితే తెర మీద -127 అని కనిపిస్తుంది. అది చలి కాదు, వైరు లోపం.

తలుపు రెండు నిమిషాలకు మించి తెరిచి ఉంటే బజర్ మోగాలి. అది తేలిక. కంప్రెసర్ లోపం పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అప్పుడూ లోపలి లైటు వెలుగుతూనే ఉంటుంది. ముఖ్యంగా కరెంటు తక్కువ వోల్టేజీతో తిరిగొస్తే కంప్రెసర్ టక్కుమని ప్రయత్నించి ఆగిపోతుంది. బాగున్న ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత కాస్త పెరుగుతూ మళ్లీ తగ్గుతూ ఉంటుంది. కరెంటుంది, తలుపు మూసే ఉంది, అయినా గంటసేపు పెరుగుతూనే ఉంటే చల్లదనం ఆగినట్టే. గంట ఆగమనడానికి కారణం, మంచు కరిగించుకునేటప్పుడు కొన్ని ఫ్రిజ్‌లు కాసేపు వేడెక్కడం.

ఇక కరెంటు కోత. అప్పుడు వైఫై రౌటర్ కూడా ఆరిపోతుంది, కబురు ఇంటి గడప దాటదు. చాలామంది కట్టుకున్న అలారాలు ఇక్కడే విఫలమవుతాయి. అందుకే ఏర్పాటును తిరగేయాలి. బోర్డు ఐదు నిమిషాలకోసారి ఇంటర్నెట్‌లోని ఒక సేవకు ‘ఉన్నాను’ అని చెబుతుండాలి. పావుగంట ఆ మాట రాకపోతే ఆ సేవే మీ ఫోన్‌కి హెచ్చరిక పంపుతుంది. ఇలాంటివి ఉచితంగానూ దొరుకుతాయి.

బోర్డుకు బ్యాటరీ కూడా ఉండాలి. రాత్రి 11కి కరెంటు పోయి 4కి వచ్చిందనుకుందాం. ఆ ఐదు గంటల లెక్క బోర్డులో నమోదై ఉంటే, సీసాలో నీళ్లు 7 డిగ్రీలు దాటలేదని తెలిసి నిశ్చింతగా ఉండొచ్చు. 8 దాటితే ఎంత వేడి, ఎన్ని గంటలు అన్నది మందుల షాపులో ఫార్మసిస్టుకో డాక్టరుకో చెప్పి, వాడవచ్చో లేదో అడగండి.

అన్నీ బిగించాక రౌటర్ ప్లగ్ పీకి చూడండి. ఇరవై నిమిషాల్లో మీ ఫోన్‌కి కబురు రాకపోతే, ఊరికి బయలుదేరే ముందే సరిచేసుకోండి.