46వ దుకాణం తెరిచాక ఆగిపోయిన డ్యాష్‌బోర్డ్

ఒక సూపర్‌మార్కెట్ సంస్థకు హనుమకొండ నుంచి నెల్లూరు దాకా 40 దుకాణాలు ఉన్నాయనుకుందాం. ఏ ఊళ్లో ఈ నెల అమ్మకం ఎంత, ఏ సరుకు అయిపోవస్తోంది అన్న అంకెలు హెడ్డాఫీసులో ఒక డ్యాష్‌బోర్డ్ మీద కనిపిస్తాయి. అవి గంటకోసారి తాజా కావాలి. బిల్లులన్నీ చదివి, కూడి, ఆ మొత్తాలను డ్యాష్‌బోర్డ్ పట్టికలో రాసే ప్రోగ్రాం గంటలో కాసేపే నడుస్తుంది. దానికోసం ఇరవై నాలుగు గంటలూ ఒక సర్వర్‌కు అద్దె కట్టడం దండగ. అందుకే ఇలాంటి పనిని చాలామంది సర్వర్‌లెస్ ఫంక్షన్‌కు అప్పగిస్తారు. ప్రోగ్రాంను క్లౌడ్ కంపెనీకి ఇచ్చి, ఏ వేళకు నడపాలో చెబితే చాలు. ఆ వేళకు కంపెనీ తన యంత్రం మీద దాన్ని నడుపుతుంది. నడిచినంతసేపటికే డబ్బు తీసుకుంటుంది.

ఈ సేవల్లో పేరున్నది అమెజాన్ వారి లాంబ్డా. దాంట్లో ఒక ఫంక్షన్ ఒకసారి మొదలైతే గరిష్ఠంగా 15 నిమిషాలు, అంటే 900 సెకన్లు నడవవచ్చు. 2018 దాకా ఆ పరిమితి 5 నిమిషాలే. మెమరీ 128 ఎంబీ నుంచి 10,240 ఎంబీ వరకు మనం ఎంచుకున్నంత. గడువు దాటినా, మెమరీ చాలకపోయినా ప్రోగ్రాంను ఉన్నపళంగా చంపేస్తారు. చేతిలో ఉన్న పని పూర్తిచేసుకోనివ్వరు.

మన ప్రోగ్రాం ఒక్కో దుకాణం లెక్కకు 20 సెకన్లు తీసుకుంటోందనుకుందాం. 40 దుకాణాలకు 800 సెకన్లు. గడువులోపే ఉంది కాబట్టి ఎవరికీ ఏ చింతా లేదు. సంస్థ పెరిగి 46వ దుకాణం తెరిచింది. 46 ఇరవైలు 920. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు, అయినా ఆ రోజు నుంచి అది చివరి దుకాణం దగ్గరికి చేరేలోపే చనిపోతుంది. లెక్కలన్నీ అయ్యాకే ఫలితాన్ని ఒకేసారి రాసేలా ఉంటే 45 దుకాణాల శ్రమ కూడా గాలికి పోతుంది. ఇంకో అలవాటు దీనికన్నా ప్రమాదకరం. పాత అంకెలన్నీ ముందు చెరిపేసి, తర్వాత కొత్తవి రాయడం. అప్పుడు మధ్యలో చస్తే డ్యాష్‌బోర్డ్ సగం ఖాళీ అవుతుంది. చూసేవాళ్లు అమ్మకాలే పడిపోయాయనుకుంటారు.

అక్కడితో ఆగదు. షెడ్యూలు మీద నడిచిన ఫంక్షన్ విఫలమైతే, సెట్టింగులు మార్చకపోతే లాంబ్డా మరో రెండుసార్లు ప్రయత్నిస్తుంది. మొదటిసారి ఒక నిమిషం ఆగి, తర్వాత రెండు నిమిషాలు ఆగి. మూడు పదిహేనులు, మధ్యలో మూడు నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. ఈలోగా తర్వాతి గంట వచ్చేస్తుంది, మళ్లీ అదే కథ. అన్నిటికీ బిల్లు పడుతుంది, డేటాబేస్ మీద భారం పడుతుంది, తెర మీద ఒక్క అంకె మారదు. లాగ్‌లో మాత్రం `Task timed out after` అన్న వాక్యం గంటకు మూడుసార్లు కనిపిస్తుంది.

పనిని ఒక్క ముద్దగా కాక దుకాణానికో ముక్కగా కోయడమే దీనికి విరుగుడు. ఒక దుకాణం లెక్క తేలగానే దాన్ని రాసేసి, అది పూర్తయినట్టు గుర్తు పెట్టుకోవాలి. మిగిలిన సమయమెంతో లాంబ్డాయే చెబుతుంది కాబట్టి, చంపే దాకా ఆగకుండా ప్రోగ్రాం తానే ముందు ఆగిపోవచ్చు.

```python
def handler(event, context):
    for store in oldest_first():
        if context.get_remaining_time_in_millis() < 60000:
            break
        refresh(store)
        mark_done(store)
```

నిమిషం కన్నా తక్కువ మిగిలితే కొత్త దుకాణం మొదలుపెట్టదు. ఇందులో `oldest_first` అన్నది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. తాజా అయ్యి ఎక్కువసేపైన దుకాణాన్ని ముందు తీసుకోవాలి. ఎప్పుడూ ఒకే వరుసలో వెళితే చివరి మూడు నాలుగు దుకాణాలకు ఏ గంటలోనూ వంతు రాదు.

దుకాణాలు వందలు దాటితే ఈ వరుస పద్ధతీ చాలదు. అప్పుడు షెడ్యూలు మీద నడిచే ఫంక్షన్ దుకాణాల పేర్లను క్యూలో వేసి తప్పుకుంటుంది. ఒక్కో పేరుకు ఒక్కో ఫంక్షన్ లేచి పనిచేస్తుంది. అయితే వందా ఒక్కసారే లేస్తే డేటాబేస్‌కు వంద కనెక్షన్లు తగులుతాయి, కౌంటర్ దగ్గర బిల్లింగే నత్తనడక నడుస్తుంది. ఒకేసారి అయిదారుకు మించి లేవకుండా క్యూకు కట్టడి పెట్టాలి.

ముక్కలుగా కోశాక ఒకే ముక్క రెండుసార్లు నడిచే అవకాశం ఉంటుంది. కాబట్టి పాత మొత్తానికి కొత్త అమ్మకాన్ని కలిపే పద్ధతి పనికిరాదు. రెండోసారి నడిస్తే అమ్మకం రెట్టింపవుతుంది. ఆ దుకాణం, ఆ రోజు మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టి పాతదాని స్థానంలో రాస్తే, ఎన్నిసార్లు నడిచినా అంకె అదే వస్తుంది.

ఇక మెమరీ. నెలలో 30 లక్షల బిల్లు వరుసలు ఉన్నాయనుకుంటే, అన్నిటినీ ఒకేసారి పైథాన్‌లోకి తెచ్చుకోవడం చాలా ప్రోగ్రాంలు చేసే పనే. ఒక్కో వరుసకు 500 బైట్లు పట్టినా 1.5 జీబీ అవుతుంది. ఫంక్షన్‌కు 1,024 ఎంబీ ఇచ్చి ఉంటే లాగ్‌లో `signal: killed` అని కనిపిస్తుంది. సంక్రాంతి వారంలో అమ్మకాలు పెరిగినప్పుడే ఇది బయటపడుతుంది, అంకెలు అందరికీ బాగా అవసరమైన వారంలో. ప్రతి పరుగు చివర లాగ్‌లో `Memory Size` పక్కనే `Max Memory Used` ఉంటుంది. రెండో అంకె మొదటిదానికి నెలనెలా దగ్గరవుతోందంటే పండగ దాకా ఆగకూడదు. చేయవలసింది చాలాసార్లు మెమరీ పెంచడం కాదు, కూడికను డేటాబేస్‌కే వదిలేయడం. రోజువారీ మొత్తాలే అడిగితే దుకాణానికి నెలకు 30 వరుసలే వస్తాయి.

మెమరీ పెంచితే లాభమే లేదని కాదు. లాంబ్డాలో ప్రాసెసర్ బలాన్ని విడిగా కొనలేం. మెమరీతోపాటే అదీ పెరుగుతుంది. 1,769 ఎంబీ దగ్గర ఒక పూర్తి ప్రాసెసర్‌కు సమానమైన బలం దక్కుతుంది. బిల్లు మెమరీని సమయంతో గుణించి వేస్తారు. అందువల్ల లెక్కలతో ప్రాసెసర్‌ను నమిలే పనికి 512 ఎంబీ బదులు 1,024 ఇస్తే, 20 సెకన్ల పని దాదాపు 10లో ముగిసి ఖర్చు అంతే ఉండవచ్చు. ఫంక్షన్ ఆ 20 సెకన్లూ డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటే మాత్రం సమయం తగ్గదు, బిల్లు రెట్టింపవుతుంది. ముందు ఎక్కడ సమయం పోతోందో కొలిచి చూడాలి.

చివరిగా, ఆగిపోయిందని తెలిసేదెలా? గడువు దాటి చచ్చిన ప్రోగ్రాం తన గురించి కబురు పంపలేదు. దానిలో రాసుకున్న ఎర్రర్ సందేశాలేవీ నడవవు. పై కోడ్‌లాగా మర్యాదగా ఆగిన ప్రోగ్రాం సగం దుకాణాలు మిగిలినా విజయవంతమైనట్టే నమోదవుతుంది. ఎర్రర్లు లెక్కపెట్టి లాభం లేదు. ప్రతి దుకాణం చివరిసారి ఎప్పుడు తాజా అయిందో ఒక పట్టికలో ఉంచి, వేరే చిన్న ఫంక్షన్‌తో అది రెండు గంటలు దాటిందేమో చూడాలి, దాటితే సిబ్బందికి మెసేజ్ పంపాలి. అదే సమయాన్ని డ్యాష్‌బోర్డ్ మీద ప్రతి దుకాణం అంకె పక్కనా చూపించాలి.