లేబుల్ మీద 5 శాతం, ల్యాబ్‌లో 5.3

వెనిగర్ సీసా మీద 5 శాతం అసిటిక్ ఆమ్లం అని ఉంటే, లీటరులో సుమారు 50 గ్రాముల ఆమ్లం ఉన్నట్టు. ఒక మోల్ అసిటిక్ ఆమ్లం 60 గ్రాములు. అంటే మోలారిటీ 0.83 దగ్గర రావాలి. డిగ్రీ ల్యాబ్‌లో ఒక విద్యార్థికి 0.89 వచ్చిందనుకుందాం. తేడా ఎందుకొచ్చిందో రాసి పంపమన్నారు సారు. ఇలాంటప్పుడు చాలామంది ‘ప్రయోగంలో పొరపాట్లు’ అని రాసేసి ఊరుకుంటారు. అది జవాబు కాదు. విలువ పెరిగిందా, తగ్గిందా అన్న చోటి నుంచి మొదలుపెడితేనే కారణం దొరుకుతుంది. మంచి సందేశం ఇలా ఉంటుంది:

“సార్, నమస్కారం. 5 మిల్లీలీటర్ల వెనిగర్‌ను నీళ్లతో 50 మిల్లీలీటర్లకు పలుచన చేశాను. అందులో 10 మిల్లీలీటర్లకు ఫినాఫ్తలీన్ వేసి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తే లేత గులాబీ రంగు 8.9 దగ్గర వచ్చింది. 8.3 రావాల్సింది. సీసాలోంచి ఆమ్లం ఆవిరైపోయి ఉంటుందని మొదట అనుకున్నాను. అలా అయితే విలువ తగ్గాలి కదా సార్, నాకు పెరిగింది. అందుకే క్షారాన్ని అనుమానించాను. 0.05 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు తీసుకుని దాన్ని సరిచూశాను. సరిగ్గా 10 పట్టాల్సిన చోట 10.6 పట్టింది. అంటే మన క్షారం 0.1 కాదు, 0.0943. ఆ లెక్కన వెనిగర్ 0.839 మోలార్, దాదాపు 5.04 శాతం.”

క్షారం ఎందుకు పలచబడింది? సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు సీసా మూత తీయగానే గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కాసేపటికే జిగురుగా మెరుస్తాయి. వాటిని తూచి 4 గ్రాములు అనుకున్నప్పుడు అందులో కొంత నీరే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా కొంత క్షారాన్ని కార్బొనేటుగా మార్చేస్తుంది. బలం తగ్గిన క్షారం ఎక్కువ పోయాల్సి వస్తుంది, మనమేమో దాన్ని 0.1 అనే గుణిస్తాం. ఆ అదనమంతా వెనిగర్ ఖాతాలో పడుతుంది. అందుకే తూచి కలిపిన సోడియం హైడ్రాక్సైడ్ సీసా మీది అంకెను నేరుగా లెక్కలో వాడకూడదు. ఆక్జాలిక్ ఆమ్లం స్ఫటికాలను శుద్ధంగా, కచ్చితంగా తూచుకోవచ్చు కాబట్టే అవి ప్రమాణంగా పనికొస్తాయి.

విలువ పెరగడానికి ఇంకో దారి కూడా ఉంది. కోనికల్ ఫ్లాస్కును వెనిగర్‌తో తొలిస్తే లోపల మిగిలిన చుక్కలూ లెక్కలోకి వచ్చేస్తాయి. ఫ్లాస్కును నీళ్లతోనే తొలవాలి. పిపెట్‌ను మాత్రం నీళ్లతో కడిగాక అందులో తీసుకోబోయే ద్రావణంతోనే తొలవాలి. పిపెట్‌లో నీరు మిగిలితే విలువ తగ్గుతుంది. ఫినాఫ్తలీన్ బదులు మిథైల్ ఆరెంజ్ వాడినా అంతే, ఆమ్లం పూర్తిగా తటస్థం కాకముందే రంగు మారిపోతుంది.

ఇంకా మిగిలిన తేడా 0.006. బ్యూరెట్ నుంచి పడే ఒక్క చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు. ఈ ప్రయోగంలో ఆ చుక్క ఒక్కటే ఫలితాన్ని 0.005 మేర జరుపుతుంది. లేబుల్ మీది 5 కూడా సవరించి రాసిన పూర్ణాంకమే. కాబట్టి ఆ చివరి తేడాతో వెనిగర్‌నీ, విద్యార్థినీ తప్పుపట్టలేం.