పాత బగ్ నంబర్లకు కొత్త చిరునామా

"సోమవారం నుంచి కొత్త ట్రాకర్‌లోకి మారుతున్నాం. శుక్రవారం సాయంత్రం తర్వాత పాతదాంట్లో ఎవరూ ఏమీ రాయకండి." సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకు టీమ్ లీడ్ నుంచి ఎప్పుడో ఒకసారి ఇలాంటి మెసేజ్ వస్తుంది. చదివినవాళ్లలో చాలామంది కొత్త స్క్రీన్ అలవాటైతే చాలనుకుంటారు. అసలు చిక్కు వచ్చేది నంబర్ల దగ్గర.

ట్రాకర్ అంటే టీమ్ పని పద్దు. ప్రోగ్రామ్‌లో దొరికిన ప్రతి బగ్‌కీ, కావలసిన ప్రతి కొత్త సదుపాయానికీ అందులో ఒక టికెట్ తెరుస్తారు. దానికో నంబరు పడుతుంది. పని ఎవరి చేతిలో ఉంది, ఎంతవరకు వచ్చింది, ఎవరేమన్నారు అన్నీ ఆ నంబరు కిందే చేరతాయి. కోడ్ మార్చిన ప్రతిసారీ ఆ మార్పు పక్కన కూడా అదే నంబరు రాస్తారు. పదేళ్ల తర్వాత వచ్చిన ఉద్యోగి ఒక వింత వాక్యం చూసి "ఇదెందుకు ఇలా రాశారు?" అనుకుంటే, జవాబు వెతుక్కోవడానికి అతనికున్న దారి ఆ నంబరే.

ఇలాంటి మార్పును అందరికీ కనిపించేలా చేసిన బృందం ఒకటుంది. పైథాన్ కంప్యూటర్ భాషను తీర్చిదిద్దేవాళ్లు 2017లోనే కోడ్‌ని గిట్‌హబ్‌కి తరలించారు. బగ్‌లు మాత్రం bugs.python.org అనే పాత ట్రాకర్‌లోనే ఉండిపోయాయి. వాటినీ గిట్‌హబ్‌కే తెద్దామని మరియట్టా విజయ 2018లో ప్రతిపాదించారు. దాని పేరు PEP 581. 2019లో ఆమోదం వచ్చింది. తరలింపు జరిగింది మాత్రం 2022 ఏప్రిల్‌లో.

పాత నంబర్లనే ఉంచుకోవడం వాళ్లకు కుదరలేదు. గిట్‌హబ్‌లో టికెట్లకూ, "ఈ కోడ్ మార్పును చేర్చండి" అని పంపే పుల్ రిక్వెస్టులకూ ఒకటే వరస. అప్పటికే పుల్ రిక్వెస్టులు 30,000 దాటిపోయాయి. ఉదాహరణకు 20000 అనే నంబరు తీసుకోండి. పాత ట్రాకర్‌లో అదొక బగ్. గిట్‌హబ్‌లో ఆ నంబరు అప్పటికే వేరే దానికి వెళ్లిపోయింది. ఎవరైనా అలవాటు కొద్దీ కామెంట్‌లో #20000 అని రాస్తే, గిట్‌హబ్ దాన్ని సంబంధం లేని పేజీకి కలిపేస్తుంది. ఎర్రగా ఏ హెచ్చరికా రాదు. లింకు పనిచేస్తుంది కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తోచదు.

అందుకే టికెట్లన్నిటికీ కొత్త నంబర్లిచ్చి, నంబరు ముందు రాసే గుర్తును కూడా మార్చారు. కోడ్ మార్పు శీర్షిక రోజూ ఇలా మొదలయ్యేది:

```
bpo-NNNNN:
```

తరలింపు తర్వాత ఇలా మొదలవుతోంది:

```
gh-NNNNN:
```

ముందున్న గుర్తు చూస్తే ఆ నంబరు ఏ పద్దులోదో తెలిసిపోతుంది. పాత ట్రాకర్‌ను మూసేయకుండా చదవడానికి మాత్రమే ఉంచారు. అక్కడి టికెట్ తెరిస్తే కొత్త చోటికి దారి ఉంటుంది. కొత్త టికెట్‌లో పాత నంబరు రాసి ఉంటుంది. అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ వెళ్లగలగాలి. తరలింపు సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకోవడానికి నా దృష్టిలో ఇదే మొదటి పరీక్ష. నాలుగు పాత టికెట్లు తీసుకుని రెండు వైపులా వెళ్లి చూస్తే సంగతి బయటపడుతుంది.

రోజువారీ పనిలో ఇంకో మార్పు కూడా వచ్చింది. పాత ట్రాకర్‌లో ప్రతి బగ్‌కీ "దశ" అనే గడి ఉండేది. పరిష్కారం రాయాలా, రాసింది ఎవరైనా పరిశీలించాలా, పని ముగిసిందా అన్నది అందులో కనబడేది. గిట్‌హబ్‌లో టికెట్ తెరిచి ఉంటుంది, లేదా మూసి ఉంటుంది. మిగతా వివరాలకు type-bug, type-feature లాంటి లేబుళ్లు తగిలిస్తారు. పొద్దున్నే "పరిశీలనకు ఏమున్నాయి?" అని ఆ గడి చూసుకునేవాళ్లు ఇప్పుడు తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టుల జాబితాకి వెళ్లాలి. ఆ విషయం ముందే చెప్పకపోతే కొన్ని వారాలపాటు పరిశీలన పనులు ఎవరి కంటా పడకుండా ఉండిపోతాయి.

మనుషుల పేర్లతోనూ తంటా ఉంది. పాత ట్రాకర్‌లో తమ గిట్‌హబ్ పేరు నమోదు చేయనివాళ్ల వ్యాఖ్యలు కొత్తచోట mannequin అన్న గుర్తుతో కనిపిస్తాయి. అది ఉత్త బొమ్మ ఖాతా. దాని పేరు పిలిచి ఎంత అడిగినా అసలు మనిషికి సమాచారం చేరదు. తరలింపు అయ్యాక దిద్దడం కష్టం కాబట్టి పేరు జతచేయడం అంతకుముందే జరగాలి.

టీమ్ లీడ్లు మెసేజ్ రాసేటప్పుడు కొత్త ట్రాకర్ గొప్పలు కింద రాయండి. పాతది ఏ రోజు ఎన్ని గంటలకు ఆగుతుంది, పాత నంబరు దొరికితే ఎక్కడ వెతకాలి, ఈలోపు ప్రతి ఒక్కరూ తమ ఖాతాలో ఏం సరిచూసుకోవాలి అన్నవి మొదటి మూడు వాక్యాల్లోనే చెప్పండి.