ఎత్తని కాల్‌కి రెండు బిల్లులు!

అమెరికా నుంచి సెలవుకు విశాఖ వచ్చే మనవాళ్లు ఫోన్ విషయంలో ఒక జాగ్రత్త మాత్రం తప్పక తీసుకుంటారు. విమానం ఎక్కే ముందే డేటా రోమింగ్ ఆపేస్తారు. ఇక్కడ దిగగానే లోకల్ సిమ్ వేసుకుంటారు. బ్యాంకు ఓటీపీలు వస్తాయి కాబట్టి అమెరికా నంబరును రెండో సిమ్‌గా అలాగే ఉంచుకుంటారు. 'దానికి ఎవరు చేసినా ఎత్తను, ఇంక ఖర్చేముంది?' అనుకుంటారు. తీరా నెల తిరిగాక చూస్తే, ఎత్తని కాల్స్‌కి కూడా బిల్లు పడి ఉంటుంది. అదీ ఒక్కో కాల్‌కి రెండేసి లైన్లు! కంపెనీ లెక్క తప్పిందేమో అనిపిస్తుంది గానీ, లెక్క సరిగ్గానే ఉంటుంది. దానికి కారణం వాయిస్ మెయిల్.

మన దగ్గర వాయిస్ మెయిల్ పెద్దగా అలవాటు కాలేదు. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తాం, లేదంటే వాట్సాప్‌లో అడుగుతాం. అమెరికాలో అలా కాదు. డాక్టరు ఆఫీసు అయినా, బ్యాంకు అయినా, ఉద్యోగం ఇచ్చే కంపెనీ హెచ్ఆర్ అయినా ఒకసారి ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ చెప్పి పెట్టేస్తారు. మనం వినకపోతే నష్టం మనదే. అందుకని వాయిస్ మెయిల్‌ను తీసేయలేం, ఉన్నదున్నట్టు వదిలేయనూ లేం.

కాల్ వెళ్లి వచ్చే దారి

ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే ఒకబ్బాయి ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాడు. వేసవిలో న్యూజెర్సీలో మధ్యాహ్నం మూడున్నర అయితే మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. ఆ టైముకి హెచ్ఆర్ నుంచి కాల్ వచ్చింది. అబ్బాయి నిద్రలో ఉన్నాడు.

ఆ కాల్ ముందు అతని అమెరికా కంపెనీ నెట్‌వర్క్‌కి చేరుతుంది. 'ఈ నంబరు ఇప్పుడు ఎక్కడుంది?' అని ఆ నెట్‌వర్క్ తన రిజిస్టర్లో చూసుకుంటుంది. దాన్నే హెచ్ఎల్ఆర్ అంటారు. ఇండియాలో ఫలానా నెట్‌వర్క్‌లో ఉందని తెలుస్తుంది. అప్పుడు ఇక్కడి నెట్‌వర్క్ ఒక తాత్కాలిక నంబరు ఇస్తుంది, కాల్ సముద్రాలు దాటి ఇక్కడికొస్తుంది. ఇది మొదటి ప్రయాణం, రోమింగ్‌లో వచ్చిన ఇన్‌కమింగ్ కాల్.

ఇరవై, ఇరవై అయిదు సెకన్లు ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. 'ఎత్తకపోతే ఈ నంబరుకు పంపు' అని అమెరికా కంపెనీ ముందే ఇచ్చిన వాయిస్ మెయిల్ నంబరు ఇక్కడి నెట్‌వర్క్ దగ్గర ఉంటుంది. ఆ నంబరు ఉండేది అమెరికాలో. దాంతో కాల్‌ని ఇక్కడి నుంచి మళ్లీ అమెరికాకు తిప్పుతుంది. ఇది రెండో ప్రయాణం, ఇండియా నుంచి అమెరికాకు ఔట్‌గోయింగ్ ఇంటర్నేషనల్ కాల్. బిల్లులో రెండు లైన్లు పడేది ఇందుకే.

ఇక్కడే గ్రీటింగ్ సంగతి కూడా వస్తుంది. వాయిస్ మెయిల్ ఎత్తిన క్షణం నుంచే మీటర్ తిరుగుతుంది. మీ గ్రీటింగ్ 20 సెకన్లు, అవతలివారి మెసేజ్ 30 సెకన్లు అయితే మొత్తం 50 సెకన్లు. అంటే ఒక నిమిషం, రెండు ప్రయాణాలకి రెండు నిమిషాల బిల్లు. అదే గ్రీటింగ్ 40 సెకన్లు ఉంటే మొత్తం 70 సెకన్లు. నిమిషాల్లో లెక్క కడితే అది రెండు నిమిషాలు, రెండు ప్రయాణాలకి నాలుగు. నిమిషానికి ఒక డాలరు అనుకుంటే, గ్రీటింగ్ కాస్త పొడుగైనందుకే రెండు డాలర్లు ఎక్కువ.

యూరప్‌లో దీని మీద చాలా గొడవైంది. చివరికి రోమింగ్‌లో ఉన్నప్పుడు వాయిస్ మెయిల్ మెసేజ్ వచ్చినందుకు ఛార్జ్ చేయకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. అది 2010 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది అక్కడి కస్టమర్లకే. అమెరికా నంబరుతో విశాఖ వచ్చిన మనవాడికి వర్తించదు.

ఫోన్ ఆపేస్తే?

ఫోన్ సరిగ్గా స్విచాఫ్ చేసినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా, 'నేను వెళ్తున్నాను' అని ఫోన్ నెట్‌వర్క్‌కి చెప్పే వెళ్తుంది. అప్పుడు వచ్చిన కాల్ ఇండియాకు రాదు. అమెరికాలోనే వాయిస్ మెయిల్‌కి మళ్లుతుంది. రోమింగ్ బిల్లు ఉండదు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఫోన్ మొత్తం ఆపక్కర్లేదు, సెట్టింగుల్లో ఆ అమెరికా లైన్ ఒక్కదాన్నే ఆపొచ్చు.

సిగ్నల్ హఠాత్తుగా పోతే మాత్రం లెక్క వేరు. కిరండూల్ రైల్లో అరకు వెళ్తూ సొరంగంలోకి దూరారనుకోండి. ఫోన్ చెప్పకుండానే మాయమైపోయింది. ఇక్కడి నెట్‌వర్క్ కొంతసేపు అది ఉందనే అనుకుంటుంది. కాల్‌ని ఇండియాకు రప్పిస్తుంది, వెతుకుతుంది, దొరక్క అమెరికాకు తిప్పుతుంది. మీ ఫోన్ ఒక్కసారి కూడా మోగదు, బిల్లు మాత్రం పడుతుంది.

విమానం ఎక్కే ముందు చేయాల్సినవి

అన్నిటికన్నా గట్టి పద్ధతి, అన్ని కాల్స్‌నీ ముందే అమెరికాలోనే వాయిస్ మెయిల్‌కి మళ్లించడం. దీనికి ముందు మీ వాయిస్ మెయిల్ అసలు నంబరు తెలియాలి. డయల్ ప్యాడ్‌లో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి:

```
*#61#
*#62#
*#67#
```

ఎత్తనప్పుడు, దొరకనప్పుడు, బిజీగా ఉన్నప్పుడు కాల్ ఏ నంబరుకు వెళ్తుందో వరసగా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మూడిటికీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత ఆ నంబరును దేశం కోడ్‌తో సహా ఇలా కొట్టండి:

```
**21*+1XXXXXXXXXX#
```

ఇక ఏ కాల్ అయినా నెట్‌వర్క్ ఇండియా దాకా రానివ్వదు. తిరిగి వెళ్లాక తీసేయడానికి `##21#` చాలు. `##002#` కొట్టకండి. అది అన్ని మళ్లింపులనీ, అసలు వాయిస్ మెయిల్‌తో సహా, తుడిచేస్తుంది. పొరపాటున కొట్టినా ఆ స్క్రీన్‌షాట్లు ఆదుకుంటాయి. వెరైజాన్ వాళ్లకి పద్ధతి వేరు, మళ్లించడానికి `*72` తర్వాత నంబరు, తీసేయడానికి `*73`.

కాల్స్ మళ్లించినా ఎస్ఎంఎస్‌లు మళ్లవు. ఓటీపీలు మీ ఫోన్‌కే వస్తాయి. ఫోన్ చేసి నోటితో చెప్పే ఓటీపీలు మాత్రం వాయిస్ మెయిల్‌కి పోతాయి, అది గుర్తుంచుకోండి. ఇదంతా అక్కడుండగానే చేసి, స్నేహితుడి ఫోన్ నుంచి ఒకసారి కాల్ చేయించి చూసుకోండి. ఇక్కడికొచ్చాక చేద్దామంటే కొన్ని నెట్‌వర్క్‌లలో ఈ కోడ్‌లు పనిచేయవు.

తర్వాత గ్రీటింగ్. మన అబ్బాయి పాత గ్రీటింగ్ తీసేసి పదిహేను సెకన్లలో కొత్తది చెప్పాడు. పేరు, ఫోన్ ఎత్తడం కుదరదన్న మాట, మెసేజ్ వదిలితే ఒక పని దినంలో తిరిగి చేస్తానన్న మాట, తొందరైతే ఈమెయిల్ పంపమన్న మాట. అంతే. 'నెలపాటు ఇండియాలో ఉంటాను' అని చెప్పలేదు. ఇల్లు తాళం వేసి ఉందని ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా చెప్పడమెందుకు? ఇంకో పని, పాత మెసేజ్‌లు డిలీట్ చేయడం. మెయిల్‌బాక్స్ నిండిపోతే అవతలివాళ్లకి గ్రీటింగ్ వినిపిస్తుంది గానీ మెసేజ్ చెప్పే వీలుండదు.

ఇక్కడి నుంచి మెసేజ్ వినడం

అమెరికాలో ఉన్నప్పుడు 1 నొక్కి పట్టుకుంటే నేరుగా మెసేజ్‌లు వినిపిస్తాయి. పిన్ అడగదు, ఎందుకంటే కాల్ మీ నంబరు నుంచే వచ్చిందని కంపెనీకి తెలుసు. ఇండియా నుంచి చేస్తే ఆ నమ్మకం ఉండదు కాబట్టి పిన్ అడుగుతుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి పిన్ పెట్టుకునే ఉండరు. ఇక్కడి నుంచి మార్చుకుందామంటే కస్టమర్ కేర్‌కి ఇంటర్నేషనల్ కాల్ చేయాలి. పిన్ ముందే పెట్టుకోండి, 1234 లాంటిది వద్దు. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక వాళ్లు ప్రముఖుల వాయిస్ మెయిల్స్‌లోకి దూరడానికి మార్చని డిఫాల్ట్ పిన్‌లే ఎక్కువగా పనికొచ్చాయి. ఆ గొడవతోనే 2011 జూలైలో ఆ పత్రిక మూతపడింది.

పిన్ ఉంటే మీ అమెరికా సిమ్‌తో పనే లేదు. ఏ ఫోన్ నుంచైనా, ఇంటర్నెట్ కాలింగ్ యాప్ నుంచైనా మీ అమెరికా నంబరుకు చేయండి. మీ గ్రీటింగ్ మొదలవగానే టీ-మొబైల్, ఏటీ అండ్ టీ అయితే `*`, వెరైజాన్ అయితే `#` నొక్కండి. పిన్ అడుగుతుంది, కొట్టి వినండి. కాల్స్ ముందే మళ్లించి ఉంటారు కాబట్టి ఈ కాల్ ఇండియాకు తిరిగి రాదు.

ఇంకా సులువైనది విజువల్ వాయిస్ మెయిల్. మెసేజ్ చిన్న ఆడియో ఫైలుగా ఫోన్‌లోకి దిగుతుంది. మామూలు ఫోన్ కాల్ నాణ్యతలో, సెకనుకు 12.2 కిలోబిట్ల లెక్కన, ఒక నిమిషం మెసేజ్ 92 కేబీ కూడా ఉండదు. ఇంట్లో వైఫైలో దిగితే ఖర్చు లేదు. కానీ కొన్ని కంపెనీలు దీన్ని సొంత మొబైల్ డేటా మీదే ఇస్తాయి. అలాగే ఇండియాలో వైఫై కాలింగ్ ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి దీన్ని నమ్ముకుని పిన్ మానేయకండి.

కొత్తగా వస్తున్న వోల్టీ రోమింగ్‌లో కాల్ నిర్ణయాలన్నీ సొంత దేశం నెట్‌వర్కే తీసుకుంటుంది, కాబట్టి ఆ రెండో ప్రయాణం తగ్గుతుంది. మీ ఫోన్, రెండు కంపెనీలు, మూడూ ఒప్పుకుంటేనే అది దొరుకుతుంది.

చివరగా, పిల్లల దగ్గరికి ఇండియన్ సిమ్‌తో వెళ్లే పెద్దవాళ్ల కోసం ఒక మాట. 'టెలికాం ఆఫీసు నుంచి' అంటూ ఫోన్ చేసి `*401*` తర్వాత ఏదో నంబరు కొట్టమని ఎవరైనా చెబితే కొట్టకండి. మీ కాల్స్ అన్నీ వాళ్లకి మళ్లిపోతాయి. ఈ మోసాల వల్లే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ తరహా యూఎస్ఎస్‌డీ కాల్ ఫార్వర్డింగ్‌ను నిలిపేయించింది. ఇండియన్ నంబరును మళ్లించుకోవాలంటే బయల్దేరే ముందే మీ కంపెనీ స్టోర్‌లోనో, కస్టమర్ కేర్‌లోనో అడిగి చేయించుకోండి.