ఒక్క తరంలో కూలిన రాజ్యాలు: ఉగారిత్ చెప్పే సాక్ష్యం

బైబిలు చదివే మనకు హిత్తీయులు, ఫిలిష్తీయులు కొత్తవారు కారు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో నేటి టర్కీని ఏలిన హిత్తీయుల సామ్రాజ్యం కూలిపోయింది. ఇంచుమించు అదే కాలంలో గ్రీసు దేశపు రాజభవనాలు కాలిపోయాయి, సిరియా తీరంలోని పట్టణాలు బూడిదయ్యాయి. కొద్దికాలానికే కనాను తీరంలో ఫిలిష్తీయులు స్థిరపడ్డారు. చరిత్రకారులు దీనిని కంచు యుగపు పతనం అంటారు. శత్రువుల దాడి అని కొందరు, కరవు అని కొందరు, భూకంపాలని మరికొందరు కారణం చెబుతారు. ఈ వాదనలను ఉగారిత్ అనే ఒక్క పట్టణం దగ్గర పెట్టి పరిశీలిద్దాం.

ఉగారిత్ సిరియా తీరంలో ఉండేది. ఆ చోటును ఇప్పుడు రాస్ షమ్రా అంటారు. 1928లో దగ్గర్లోని పొలంలో ఒక రైతు నాగలికి పాత సమాధి తగిలింది. మరుసటి ఏడు తవ్వకాలు మొదలయ్యాయి. వేలకొద్దీ మట్టి పలకలు బయటపడ్డాయి. వాటిలో ఆఖరి రాజు అమ్మురాపి కాలపు ఉత్తరాలు కూడా ఉన్నాయి. ఆయన హిత్తీయ చక్రవర్తికి సామంతుడు.

ఆ ఉత్తరాలలో రెండింటిని చూద్దాం. మొదటిది హిత్తీయుల దేశం నుంచి వచ్చింది. సుమారు 450 టన్నుల ధాన్యాన్ని ఓడలో తమ రేవుకు చేర్చమని, ఇది చావుబ్రతుకుల సంగతి అని అందులో ఉంది. రెండవది ఉగారిత్ రాజు కుప్ర రాజుకు రాసినది. శత్రువుల ఓడలు వచ్చి తన ఊళ్లను కాల్చాయని, తన సైన్యమేమో హిత్తీయుల దేశంలో, ఓడలేమో లుక్కా తీరంలో ఉన్నాయని ఆయన మొరపెట్టుకున్నాడు. ఆయన చెప్పిన శత్రు ఓడలు ఏడు మాత్రమే.

దాడి జరిగిందనడానికి ఆధారం బలంగానే ఉంది. ఉగారిత్ వీధుల్లో, కూలిన ఇళ్ల మధ్య బాణపు మొనలు దొరికాయి. భూకంపం వీధుల్లో బాణాలు చల్లదు. అయితే హిత్తీయుల రాజధాని హత్తుషలో వేరే దృశ్యం కనబడింది. కాలిన భవనాల్లో విలువైన వస్తువులు దాదాపు లేవు. నిప్పు అంటుకోకముందే జనం సామాను సర్దుకుని వెళ్లిపోయినట్టు తవ్వకాలు జరిపినవారు గ్రహించారు. కాబట్టి సముద్రం మీద వచ్చిన దండు ఒక్కటే అన్నిటినీ కూల్చిందనలేం.

కరవుకూ సాక్ష్యం ఉంది. టర్కీలోని గోర్దియోను దగ్గర దొరికిన పాత దూలాల వలయాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది. వానలు లేని ఏడు అది సన్నగా ఉంటుంది. క్రీ.పూ. 1198 నుంచి 1196 వరకు వరుసగా మూడేళ్లు తీవ్రమైన ఎండు కాలమని 2023లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. ఒక ఏడు పంట పోతే కొట్లలోని ధాన్యం ఆదుకుంటుంది. వరుసగా మూడేళ్లు పోతే సైన్యానికి కూడా తిండి ఉండదు. కానీ హిత్తీయులు అంతకుముందూ ఆకలి చూశారు. అప్పుడు ఐగుప్తు రాజు మెర్నెప్తా ధాన్యం పంపి వారిని బ్రతికించానని రాయించుకున్నాడు. అంటే సముద్ర మార్గం తెరిచి ఉన్నంతకాలం కరవును తట్టుకోగలిగారు.

ఇక్కడే ఆ రెండు ఉత్తరాలూ కలుస్తాయి. లోపలి దేశపు ఆకలి తీరాలంటే తీరంలోని ఓడలు కావాలి. హిత్తీయుల సామంతుడైనందున ఉగారిత్ సైన్యమూ ఓడలూ దూరాన చిక్కుకున్నాయి. అందుకే ఏడు ఓడలే ఊళ్లను తగలబెట్టగలిగాయి. రేవు పోయాక ధాన్యం వెళ్లే దారి పోయింది. ఒకరికొకరు ఆసరాగా కట్టుకున్న ఏర్పాటే ఒకరి వెంట ఒకరిని పడదోసింది. ఈ మాట దాడినీ కరవునూ కాదనదు. రెండింటినీ ఒకే గొలుసులో చేరుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కుప్రకు రాసిన ఆ పలక కాల్చే బట్టీలో దొరికిందని, అది పంపేలోపే పట్టణం కూలిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ చోటు బట్టీ కాదని తర్వాతి పరిశీలనలో తేలింది. కాబట్టి ఆ ఉత్తరం పట్టణం ఆఖరి రోజున రాసినదని చెప్పడానికి ఆధారం లేదు.

అందరూ ఒకేలా పోలేదు. ఐగుప్తు బలహీనపడినా నిలిచింది. రామెసేసు III తన ఏలుబడి ఎనిమిదవ ఏట సముద్రం మీద వచ్చిన జనాలను ఓడించానని మెదీనెత్ హాబు గోడల మీద చెక్కించాడు. ఆ జాబితాలోని పెలెసెత్ అనేవారే మన ఫిలిష్తీయులని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. వారు కఫ్తోరు నుంచి వచ్చారని ఆమోసు గ్రంథం చెబుతుంది. అష్కెలోనులో ఆ తొలి కాలంలో పాతిపెట్టిన పసిపిల్లల ఎముకల్లో దక్షిణ ఐరోపా వంశపు జాడ ఉందని 2019లో డీఎన్ఏ పరీక్ష చూపింది. వారిలో పసిపిల్లలూ ఉన్నారంటే ఆ వచ్చినవారు దండు మాత్రమే కాదు, కాపురాలతో స్థిరపడిన కుటుంబాలు కూడా.